రోజువారీ క్లౌడ్ ఖర్చు అలర్ట్: ఒక స్టార్టప్‌లో నాట్ గేట్‌వే ఖర్చు మర్నాడే పట్టుబడిన తీరు

ఈ కేసులోని సంస్థ చిన్న ఇంజినీరింగ్ బృందంతో నడిచే స్టార్టప్. వారి వ్యవస్థ అంతా అమెజాన్ క్లౌడ్ సేవ ఏడబ్ల్యూఎస్‌లో, us-east-1 రీజియన్‌లో ఉంది. వాడకం ఖర్చుకు నెలకు 9,000 డాలర్ల బడ్జెట్ ఉంది, దానికి జవాబుదారీ ఇంజినీరింగ్ లీడ్. ఆమె నన్ను పిలిచే నాటికే ఏడబ్ల్యూఎస్ బడ్జెట్స్‌లో నెలవారీ బడ్జెట్ ఒకటి పెట్టుకుని, 80 శాతం దాటితే మెయిల్ వచ్చేలా అలర్ట్ కూడా అమర్చుకున్నారు. ఆ అలర్ట్ నుంచి ఒక్క మెయిల్ కూడా రాలేదు కాబట్టి ఖర్చు అదుపులోనే ఉందని బృందమంతా అనుకుంటూ వచ్చింది.

మెయిల్ రాకపోవడానికి అసలు కారణం వేరే ఉంది. స్టార్టప్‌గా వారికి వచ్చిన క్రెడిట్లు ప్రతి నెలా బిల్లును పూర్తిగా మాఫీ చేస్తున్నాయి. బడ్జెట్ సృష్టించేటప్పుడు ప్రత్యేకంగా మార్చకపోతే క్రెడిట్లను, రీఫండ్లను తీసివేసిన తర్వాత మిగిలిన మొత్తాన్నే అది ఖర్చుగా లెక్కిస్తుంది. అందువల్ల వేల డాలర్ల వాడకం జరుగుతున్నా ఆ బడ్జెట్ తెరపై సున్నా శాతమే కనిపించేది. క్రెడిట్లు అయిపోయిన రోజు నుంచి అదే వాడకం నిజమైన డబ్బుగా మారుతుంది, ఆ రోజు ఎప్పుడు వస్తుందన్నది కూడా రోజువారీ వాడకాన్ని బట్టే తేలుతుంది. కాబట్టి మేము మొదట చేసిన పని క్రెడిట్, రీఫండ్, పన్ను పద్దులను లెక్కలోంచి తీసేసి అసలు వాడకాన్ని మాత్రమే చూడటం. కమాండ్ రూపంలో అది ఇలా ఉంటుంది:

```
aws ce get-cost-and-usage \
  --time-period Start=2026-06-09,End=2026-06-10 \
  --granularity DAILY \
  --metrics UnblendedCost \
  --group-by Type=DIMENSION,Key=SERVICE \
             Type=DIMENSION,Key=USAGE_TYPE \
  --filter '{"Not":{"Dimensions":{"Key":"RECORD_TYPE",
    "Values":["Credit","Refund","Tax"]}}}'
```

ఇందులో End తేదీ లెక్కలోకి రాదు, అంటే పైన అడిగింది 9వ తేదీ ఒక్కరోజు ఖర్చే. రోజు యూటీసీ అర్ధరాత్రికి మొదలై యూటీసీ అర్ధరాత్రికే ముగుస్తుంది. ఈ కమాండ్ పిలిచే కాస్ట్ ఎక్స్‌ప్లోరర్ ఏపీఐకి ఒక్కో అభ్యర్థనకు ఒక సెంటు పడుతుంది, ఫలితం ఎక్కువ పేజీలుగా వస్తే ప్రతి పేజీకీ పడుతుంది. రోజుకు ఒకటి రెండు సార్లు పిలిచే స్క్రిప్టుకు ఇది పట్టించుకోవలసిన ఖర్చు కాదు గానీ, దీన్నే ప్రతి నిమిషానికీ పిలిచే డాష్‌బోర్డుగా మార్చడం మాత్రం మంచిది కాదు. ఈ సంస్థ సేవింగ్స్ ప్లాన్లేవీ కొనలేదు కాబట్టి UnblendedCost సరిపోయింది. ముందస్తు చెల్లింపుతో కొన్నవారికి ఆ మొత్తమంతా కొన్న రోజునే కనిపించి లెక్క చెదిరిపోతుంది, అక్కడ AmortizedCost వాడాలి.

క్రెడిట్లను పక్కన పెట్టాక వారి మామూలు నెల స్వరూపం బయటపడింది. పనిదినాల్లో రోజుకు సుమారు 315 డాలర్లు, శని ఆదివారాల్లో స్టేజింగ్ సర్వర్లూ బిల్డ్ యంత్రాలూ ఆగి ఉంటాయి కాబట్టి 205 డాలర్లు అవుతున్నాయి. నెల మొదటి రోజున నెలవారీ స్థిర రుసుములన్నీ కలిసి మరో 240 డాలర్లు పడుతున్నాయి. సోమవారంతో మొదలయ్యే 30 రోజుల నెలలో 22 పనిదినాలు, 8 సెలవు రోజులు వస్తాయి. ఆ లెక్కన నెల మొత్తం 8,810 డాలర్లు. అంటే బడ్జెట్‌కు లోబడి 190 డాలర్ల వెసులుబాటు మాత్రమే ఉందన్నమాట. ఇంత ఇరుకైన బడ్జెట్‌లో 80 శాతం దగ్గర వచ్చే మెయిల్ ఎంతవరకు పనికొస్తుందో ముందుగా చూడాలి. అంతా మామూలుగా నడిచిన నెలలో కూడా 7,200 డాలర్ల గీత 25వ తేదీన దాటుతుంది. కాబట్టి క్రెడిట్లను పక్కన పెడితే ఆ మెయిల్ ప్రతి నెలా వస్తుంది, వచ్చినా దానివల్ల కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

రోజువారీ అలర్ట్ అనగానే చాలామందికి మొదట తోచేది నెల బడ్జెట్‌ను 30తో భాగించి, రోజుకు 300 డాలర్లు దాటితే మోగించడం. ఈ సంస్థలో అలా చేస్తే ప్రతి పనిదినమూ మోగుతుంది, శని ఆదివారాల్లో మాత్రం ఏదైనా 90 డాలర్ల మేర పెరిగినా మౌనంగా ఉంటుంది. ఇప్పటివరకు అయిన ఖర్చును గడిచిన రోజులతో భాగించి 30తో గుణించే పద్ధతికీ ఇలాంటి లోపమే ఉంది. మొదటి రోజు 555 డాలర్లు అవుతుంది కాబట్టి ఆ లెక్క ప్రకారం నెలకు 16,650 డాలర్లు కావాలి. ఏడో తేదీ ముగిసేసరికి ఖర్చు 2,225 డాలర్లు, దాన్ని సాగదీస్తే 9,536 వస్తుంది. ఏ తప్పూ జరగని నెల బడ్జెట్ దాటిపోతున్నట్టు మొదటి వారమంతా కనిపిస్తూనే ఉంటుంది. ఇంజినీరింగ్ లీడ్ ఈ విషయంలో స్పష్టంగా ఉన్నారు. "రోజూ భయపెట్టే మెసేజ్ వస్తే వారం తర్వాత నేను దాన్ని చూడనండీ, మ్యూట్ చేసేస్తాను" అన్నారు. నాకు తెలిసినంతలో అది ఆమె ఒక్కరి స్వభావం కాదు.

అందుకని మేము రెండు ప్రశ్నలను విడదీశాము. ఒకటి, ఫలానా రోజు ఖర్చు ఆ రకం రోజుకు మామూలుగా అయ్యేదేనా? రెండు, ఈ నెల ఎక్కడికి చేరుతుంది? మొదటిదానికి అదే వారానికి చెందిన గత నాలుగు రోజుల మధ్యగతాన్ని, అంటే మంగళవారానికి గత నాలుగు మంగళవారాల మధ్యగతాన్ని, ఆధారంగా తీసుకున్నాము. సగటు తీసుకుంటే ఒక్క చెడ్డ రోజు దాన్ని పైకి లాగేస్తుంది, మధ్యగతం దానికి లొంగదు. నెల మొదటి రోజు పడే స్థిర రుసుములను ఈ పోలికలోకి రానివ్వకుండా విడిగా ఉంచాము. రోజు మొత్తం మీద పెరుగుదల 20 శాతమూ, 40 డాలర్లూ రెండూ దాటితేనే అలర్ట్ వెళ్తుంది. ఒక్కో వాడకం రకం మీద అయితే 25 శాతమూ, 25 డాలర్లూ దాటాలి. రెండు షరతులూ కలిపి పెట్టడం వెనుక కారణం ఉంది. శాతం ఒక్కటే పెడితే రెండు డాలర్ల లాగ్ ఖర్చు నాలుగు డాలర్లయినా మోగుతుంది, డాలర్లు ఒక్కటే పెడితే పెద్ద డేటాబేస్ పద్దులో ఉండే సహజమైన ఊగిసలాటకు కూడా మోగుతుంది.

రెండో ప్రశ్నకు ఇప్పటివరకు అయిన ఖర్చుకు మిగిలిన ప్రతి రోజుకూ దాని రకాన్ని బట్టి అంచనాను కలుపుతూ పోయాము. ఏడో తేదీ ముగిసేసరికి ఈ పద్ధతి 8,810 అనే చెబుతుంది. బడ్జెట్స్‌లోనే అంచనా మీద ఆధారపడే అలర్ట్ కూడా ఉంది, కానీ దానికి దాదాపు అయిదు వారాల వాడకం చరిత్ర ఉండాలి. పైగా ఆ అంచనా ఏ పద్దు వల్ల పెరిగిందో ఆ మెయిల్ చెప్పదు. దాన్ని తీసేయకుండా, క్రెడిట్లను మినహాయించేలా మార్చి, రెండో కాపలాగా ఉంచాము.

ఈ మొత్తం పనిలో ఎక్కువ ఆలోచన పెట్టించింది లెక్క ఆలస్యంగా రావడం. బడ్జెట్స్ సమాచారం సాధారణంగా 8 నుంచి 12 గంటలకు ఒకసారి తాజా అవుతుంది, కాస్ట్ ఎక్స్‌ప్లోరర్ కనీసం 24 గంటలకు ఒకసారి అవుతుంది. ఒక్కో సర్వీసు తన వాడకాన్ని ఒక్కో వేగంతో నమోదు చేస్తుంది. కాబట్టి నిన్నటి ఖర్చు ఎంత అని ఈ ఉదయం అడిగితే వచ్చేది అసంపూర్తి అంకె. కొందరు దీనికి విరుగుడుగా రెండు రోజులు ఆగి, లెక్క కుదుటపడ్డాక మాత్రమే చూస్తారు. అలా చేస్తే అలర్ట్ విశ్వసనీయంగా ఉంటుంది గానీ, ఖర్చు పారుతూ ఉన్న రెండు రోజులు చేజారిపోతాయి.

ఇక్కడ గమనించవలసింది, అసంపూర్తి అంకె దాదాపు ఎప్పుడూ తక్కువ వైపే తప్పుతుంది. క్రెడిట్లు, రీఫండ్లు తీసేశాక ఒక రోజు ఖర్చు రాబోయే గంటల్లో పెరుగుతుందే తప్ప తగ్గడం అరుదు. అందువల్ల అసంపూర్తి లెక్కలోనే ఒక పద్దు మామూలు కంటే ఎక్కువగా కనిపిస్తే ఆ పెరుగుదల నిజమైనదే, దాన్ని వెంటనే చెప్పవచ్చు. తక్కువగా కనిపిస్తే మాత్రం దాన్నుంచి ఏమీ తేల్చకూడదు. మా స్క్రిప్టు రోజూ యూటీసీ 14 గంటలకు నడుస్తుంది. నిన్నటి లెక్కను పెరుగుదల పట్టడానికి మాత్రమే వాడుతుంది, మొన్నటి లెక్కను నెల మొత్తంలో కలపడానికీ, మామూలు స్థాయిని సరిచేయడానికీ వాడుతుంది.

అలర్ట్ పెట్టిన తర్వాత ఒక నెల 10వ తేదీ బుధవారం ఈ సందేశం వచ్చింది:

```
9, మంగళవారం (లెక్క ఇంకా పూర్తి కాలేదు)
ఖర్చు: 391 డాలర్లు      మామూలుగా: 315
పెరిగినది: EC2 - Other / NatGateway-Bytes   6 → 101
నెలాఖరు అంచనా: 8,810    ఇలాగే సాగితే కనీసం: 10,900
బడ్జెట్: 9,000
చూడవలసినవారు: డేటా బృందం
```

మొత్తం పెరుగుదల 76 డాలర్లే అయినా, లోపలి సర్వర్లు బయటికి వెళ్ళే దారి అయిన నాట్ గేట్‌వే పద్దు ఒక్కదానిలోనే 95 డాలర్లు పెరిగింది. మిగతా పద్దులు ఇంకా పూర్తిగా నమోదు కానందున ఆ తేడా వచ్చింది. రోజు మొత్తాన్ని మాత్రమే చూసే అలర్ట్ అయితే ఈ పెరుగుదలను తక్కువ చేసి చూపేది, ఇంకాస్త చిన్నదైతే అసలు పట్టుకునేదే కాదు. ఇంకొక సంగతి, సర్వీసు పేరు వరకే చూపితే ఇక్కడ EC2 - Other అని వచ్చేది. ఆ పేరు కింద డిస్కులు, స్నాప్‌షాట్లు, డేటా బదిలీ, నాట్ గేట్‌వే అన్నీ కలిసి ఉంటాయి కాబట్టి చూసినవారు సర్వర్ల జాబితా తెరిచి అక్కడ ఏ మార్పూ లేదని మూసేసే అవకాశం ఉంది. వాడకం రకం దాకా దిగితేనే సందేశం పనికొస్తుంది.

నాట్ గేట్‌వే గుండా పోయే ప్రతి జీబీకి ఈ రీజియన్‌లో 0.045 డాలర్లు పడుతుంది. మర్నాటికి లెక్క పూర్తయి ఆ పద్దు 114 డాలర్ల వద్ద స్థిరపడింది, అంటే మామూలు కంటే 108 డాలర్లు ఎక్కువ. 108ని 0.045తో భాగిస్తే 2,400 జీబీ. ఒక్క రోజులో కొత్తగా 2.4 టీబీ ఎటు నుంచి వచ్చిందన్న ప్రశ్నకు బృందంలో ఎవరైనా జవాబు చెప్పగలరు, ఎందుకంటే డేటా బృందం ఏడబ్ల్యూఎస్ ఫైల్ నిల్వ సేవ ఎస్3 నుంచి రోజూ చదివే చిత్రాల పరిమాణం దాదాపు అంతే. డాలర్లను జీబీలుగా మార్చి అడగడం వల్లే వెతకడం తొందరగా ముగిసింది. జవాబు దొరకని పరిస్థితిలో వీపీసీ ఫ్లో లాగ్‌లలోకి వెళ్ళవలసి వచ్చేది, ఇక్కడ ఆ అవసరం కలగలేదు.

మంగళవారం విడుదలల జాబితా చూస్తే కారణం దొరికింది. భద్రతా సమీక్షలో వచ్చిన సూచన మేరకు చిత్రాలను ప్రాసెస్ చేసే బ్యాచ్ జాబ్‌ను పబ్లిక్ సబ్‌నెట్ నుంచి ప్రైవేట్ సబ్‌నెట్‌కు మార్చారు. అంతకుముందు ఆ జాబ్ ఇంటర్నెట్ గేట్‌వే ద్వారా అదే రీజియన్‌లోని ఎస్3 నుంచి చదివేది, దానికి ప్రాసెసింగ్ రుసుము ఉండదు. ప్రైవేట్ సబ్‌నెట్‌లో బయటికి వెళ్ళే దారి నాట్ గేట్‌వే ఒక్కటే కావడంతో ఎస్3 చదువులన్నీ దాని గుండా పోవడం మొదలైంది. మార్పు సరైనదే, పరీక్షలన్నీ నెగ్గాయి, జాబ్ వేగంలో కూడా తేడా లేదు. ఖర్చు తప్ప దీన్ని బయటపెట్టే సూచిక వారి పర్యవేక్షణలో మరొకటి లేదు.

పరిష్కారం ఎస్3 గేట్‌వే ఎండ్‌పాయింట్. దానికి గంటల రుసుము గానీ డేటా రుసుము గానీ ఉండదు. ఎండ్‌పాయింట్ సృష్టించి ప్రైవేట్ సబ్‌నెట్ల రూట్ టేబుళ్ళకు జోడిస్తే ఎస్3కు వెళ్ళే ప్రవాహం నాట్‌ను వదిలి ఆ దారిన వెళ్తుంది. అయితే ఇక్కడ మూడు చోట్ల జాగ్రత్త పడవలసి వచ్చింది. వారికి ఒక్కో అవైలబిలిటీ జోన్‌కు ఒక్కో రూట్ టేబుల్ చొప్పున మూడు ఉన్నాయి. వాటిలో ఒకటి వదిలేస్తే ఖర్చు మూడింట రెండు వంతులే తగ్గి, సమస్య తీరిందన్న భ్రమ కలుగుతుంది. రెండోది, జోడించే క్షణంలో ఎస్3తో అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్లు తెగిపోతాయి కాబట్టి ఆ పనిని రెండు బ్యాచ్‌ల మధ్య విరామంలో చేశారు. మూడోది, ఎండ్‌పాయింట్ గుండా వెళ్ళే అభ్యర్థనలు నాట్ పబ్లిక్ ఐపీతో కనిపించవు, అందువల్ల బకెట్ పాలసీలో ఆ ఐపీకి మాత్రమే అనుమతి ఇచ్చి ఉంటే అవి తిరస్కరణకు గురవుతాయి. ఒక పాత బకెట్‌లో అలాంటి షరతు ఉంది. దాన్ని ముందుగా ఎండ్‌పాయింట్ గుర్తింపు ఆధారిత షరతుగా మార్చారు.

బుధవారమే ఎండ్‌పాయింట్ అమలులోకి వచ్చింది. అది పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి మర్నాటి ఖర్చు అంకె కోసం ఆగడం తప్పుదారి, ఎందుకంటే ఇందాక చెప్పినట్టు అసంపూర్తి లెక్కలో తక్కువ కనిపించడం దేనికీ రుజువు కాదు. క్లౌడ్‌వాచ్‌లో నాట్ గేట్‌వేకు సంబంధించిన BytesInFromDestination అనే కొలత నిమిషాల్లో తాజా అవుతుంది. తర్వాతి బ్యాచ్ నడుస్తుండగా ఆ గీత పాత స్థాయికి పడిపోవడం అందరూ అక్కడికక్కడే చూశారు. బుధవారం మీద పడిన అదనపు ఖర్చు లెక్క పూర్తయ్యాక 70 డాలర్లుగా తేలింది. రెండు రోజులకూ కలిపి 178 డాలర్లు, నెలాఖరు అంచనా 8,988.

పాత నెలవారీ అలర్ట్‌నే క్రెడిట్లు తీసేసి ఉంచుకుని ఉంటే ఏమయ్యేదో కూడా లెక్క వేసి ఇంజినీరింగ్ లీడ్‌కు చూపించాను. రోజుకు 108 డాలర్ల అదనంతో ఖర్చు 20వ తేదీన 7,200 దాటుతుంది. అప్పటికి పన్నెండు రోజుల అదనం, అంటే 1,296 డాలర్లు, పోయి ఉంటుంది. ఆ మెయిల్‌లో నాట్ గేట్‌వే మాట ఉండదు కాబట్టి వెతకడం అప్పుడు మొదలవ్వాలి. ఎవరూ గమనించకుండా నెల ముగిస్తే మొత్తం 11,186కు చేరేది.

ఈ ఘటన తర్వాత అలర్ట్‌లో ఒక మార్పు చేశాము. అలర్ట్ మోగిన రోజులను ఎవరైనా చూసి తేల్చేదాకా మామూలు స్థాయి లెక్కలోకి రానివ్వకూడదని నిర్ణయించాము. మధ్యగతం ఒక్క చెడ్డ రోజును తట్టుకుంటుంది గానీ నాలుగు మంగళవారాల్లో రెండు పెరిగినవైతే మధ్యగతం ఆ రెండు స్థాయిలకూ నడిమికి జరుగుతుంది, మరో వారానికి పెరిగిన ఖర్చే మామూలు అయిపోయి అలర్ట్ దానంతటదే ఆగిపోతుంది. ఎవరూ ఏమీ సరిచేయకుండానే మౌనం వచ్చిందంటే అది చాలా ప్రమాదకరమైన మౌనం. ఇప్పుడు ప్రతి అలర్ట్‌కూ సంబంధిత బృందం రెండింటిలో ఒకటి చెప్పాలి: సరిచేశామని, లేదా ఇది ఇకపై ఉండే ఖర్చేనని. రెండోది చెబితే ఆ కొత్త స్థాయితో నెలాఖరు అంచనా మారి బడ్జెట్ పక్కన కనిపిస్తుంది, దాన్ని అంగీకరించాలో వద్దో ఇంజినీరింగ్ లీడ్ నిర్ణయిస్తారు.

సందేశాలు వెళ్ళే తీరు కూడా రెండు రకాలు. బృందం ఛానెల్‌లో రోజూ ఒక్క వరుస పడుతుంది, అందులో ఎవరి పేరూ ఉండదు, ఎవరికీ నోటిఫికేషన్ వెళ్ళదు. హద్దు దాటిన రోజు మాత్రమే లీడ్‌కూ, ఆ పద్దు చూసే బృందానికీ నేరుగా వెళ్తుంది. రోజువారీ వరుస ఎందుకని మొదట అభ్యంతరం వచ్చింది. ఆ వరుస లేకపోతే స్క్రిప్టుకు ఉన్న అనుమతి గడువు తీరిపోయినా, ఏపీఐ పిలుపు విఫలమైనా అది అలర్ట్ లేని మంచి రోజులాగే కనిపిస్తుంది. ఆ వరుస పడని రోజున చూడవలసింది స్క్రిప్టునే అని అందరికీ తెలిసేలా దాన్ని ఉంచాము. ఏ పద్దు ఏ బృందానిదో చెప్పే జాబితాను చేత్తోనే రాసుకున్నాము. నాట్ గేట్‌వే లాంటివి అందరూ పంచుకునే వనరులు కాబట్టి ట్యాగుల ద్వారా వాటి యజమాని తేలడు.

ఈ ఏర్పాటుతో కాని పని కూడా ఒకటి ఉంది, దాన్ని ఒప్పందంలోనే రాసి ఇచ్చాను. యాక్సెస్ కీ బయటపడి ఎవరైనా రాత్రికి రాత్రి పెద్ద సర్వర్లు లేపితే, సగం రోజు ఆలస్యంగా వచ్చే ఖర్చు లెక్క దాన్ని ఆపలేదు. ఏడబ్ల్యూఎస్ బడ్జెట్ అనేది ఖర్చుకు గరిష్ఠ పరిమితి కాదు, దాటినా వాడకం సాగుతూనే ఉంటుంది. బడ్జెట్ యాక్షన్ల ద్వారా ఐఏఎం పాలసీ తగిలించడం, ఎంచుకున్న సర్వర్లను ఆపడం సాధ్యమే అయినా అవి కూడా ఇదే ఆలస్యపు లెక్క మీద ఆధారపడతాయి. అందుకని వాడని రీజియన్లలో వనరులు సృష్టించే వీలు లేకుండా సంస్థ స్థాయి పాలసీ పెట్టించాము. పెద్ద జీపీయూ సర్వర్ల కోటాను వారికి అవసరమైనంత వరకే ఉంచి, పెంచమని అడిగే హక్కును లీడ్‌కు మాత్రమే ఇచ్చాము.